కాశీకి ఇరవై రోజులు, మార్చి ముంగిట

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో పంచాయతీరాజ్ ఏఈని. సర్వీసు పదకొండేళ్లు. మా నాయన పోయి రెండేళ్లయింది. గయలో పిండం పెట్టించాలని అమ్మ పట్టు. శివరాత్రికి కాశీ చేరుకుని, తొమ్మిది రాత్రులు అక్కడ నిద్ర చేసి, గయ, ప్రయాగ చూసుకుని, గంగ తెచ్చి రామేశ్వరంలో పోసి రావాలంటోంది. బెంగళూరు నుంచి తమ్ముడి కుటుంబం కూడా వస్తోంది. ఫిబ్రవరి 14 నుంచి మూడు వారాలకు పైనే పడుతుంది. నా ఆర్జిత సెలవు, అదే ఈఎల్ ఖాతాలో 140 రోజులకు పైనే ఉండాలి. కానీ మండలంలో పదకొండు సీసీ రోడ్లు నడుస్తున్నాయి, అన్నీ మార్చి 31లోపు బిల్లు కావాలి. అడిగితే మా పై అధికారి డీఈఈ గారు మొహం మీదే కాదంటారని భయం. తోటివాళ్లు "మెడికల్ పెట్టి పోరాదా" అంటున్నారు. ఎట్లా అడగాలి?
– ఒక ఏఈ

జవాబు: అమ్మా, మీరు ఇంకా టికెట్లు తీసుకోలేదనుకుంటాను. తీసుకోకపోతే మంచిదే. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. ఫిబ్రవరి 14న సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే డిసెంబర్ 16న పొద్దున్నే బుకింగుకు కూర్చోవాలి. అంటే డీఈఈ గారితో మాట డిసెంబర్ మొదటి వారంలోనే అయిపోవాలి. టికెట్లు చేతిలో పెట్టుకుని "బుక్ చేసేశాం సార్" అంటే అది అడిగినట్టుండదు, చెప్పినట్టుంటుంది. ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీరింగ్ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూసినవాణ్ని. ఆ ఒక్క వాక్యంతో చెడిపోయిన లీవులు చాలానే చూశాను.

ముందు రోజులు లెక్కేసుకుందాం. ఫిబ్రవరి 14 రెండో శనివారం, 15 ఆదివారం, ఆ రోజే శివరాత్రి. 13వ తేదీ శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక రిలీవ్ అయి, రాత్రి బండికి అనంతపురం వదిలితే ఆ రెండు రోజులూ లీవు ముందర వచ్చే సెలవులే. ఈఎల్ 16 సోమవారం నుంచి మొదలవుతుంది. మార్చి 7 శనివారం దాకా పెట్టండి, 8 ఆదివారం వెనక సెలవు, 9 సోమవారం పొద్దున డ్యూటీ. డ్యూటీకి దూరంగా ఉండేది 23 రోజులు, ఖాతాలో తగ్గేది 20 మాత్రమే. అయితే ముందు, వెనక వచ్చే సెలవులను వాడుకుంటున్నానని, హెడ్‌క్వార్టర్స్ వదలడానికి అనుమతి కావాలని దరఖాస్తులోనే రాయాలి. అది రాయకపోతే ఆ మూడు రోజుల మీద తర్వాత ఎవరో ఒకరు ప్రశ్న వేస్తారు. మధ్యలో వచ్చే ఆదివారాలు, హోలీ ఈఎల్‌లో కలిసిపోతాయి. క్యాజువల్ లీవులా వాటిని తీసేసి లెక్కపెట్టడం కుదరదు. క్యాజువల్ లీవును ఈఎల్‌కు అతికించి ఒకటి రెండు రోజులు మిగుల్చుకుందామని కూడా చూడకండి, ఆ రెండూ కలవవు.

ఖాతాలో "ఉండాలి" అని రాశారు చూడండి, ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏటా జనవరి 1న పదిహేను, జులై 1న పదిహేను రోజులు జమ అవుతాయని అందరికీ తెలుసు. జమలు ఎవరూ మరిచిపోరు. మరిచిపోయేది ఖర్చు. మీరు ఎప్పుడో పదిహేను రోజులు సరెండర్ చేసి ఉంటారు, ఆ బిల్లు డబ్బు వచ్చినా రాకపోయినా రోజులు మాత్రం తగ్గాల్సిందే. పాత డివిజన్‌లో తీసుకున్న లీవు ప్రొసీడింగ్స్ ఫైల్లోనే ఉండిపోయి సర్వీసు రిజిస్టర్లోకి ఎక్కకపోవడమూ మామూలే. ఎస్సార్ తెప్పించుకుని, వెనక ఉండే లీవు అకౌంటు పేజీలో చివరి వరుస ఏ తేదీ దగ్గర ఆగిందో చూడండి. అది మూడేళ్ల కిందటే ఆగిపోయి ఉంటే, పోస్టింగు పూర్తి చేయించి, అధికారి సంతకం పడేదాకా వెంటపడండి. మీకు కావాల్సింది 20 రోజులే కాబట్టి నిల్వ చాలకపోవడమన్న సమస్య రాదు. కానీ ఫిబ్రవరి 10న మీ ఫైలు డివిజన్లో "లీవు అకౌంటు అప్‌డేట్ కాలేదు" అని తిరిగొస్తే కాశీ అక్కడే ఆగిపోతుంది. నవంబర్‌లోనే ఈ పని చేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. సంపాదించుకున్న లీవే అయినా హక్కుగా అడగడానికి లేదు. పని అవసరాన్ని బట్టి కాదనే అధికారం, ఇచ్చినదాన్ని రద్దు చేసే అధికారం మంజూరు చేసేవారికి ఉంటాయి, ఫండమెంటల్ రూల్ 67 చెప్పేది అదే. కాబట్టి "నా ఖాతాలో ఉంది" అన్న వాదన అక్కడ పనికిరాదు. డీఈఈ గారి బుర్రలో తిరిగేది మీ ఖాతా కాదు, పదకొండు రోడ్లు. మీరు లేనప్పుడు ఏ రోడ్డు ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలియదు, అందుకే అన్నీ ఆగుతాయనుకుంటారు. మీరు పట్టుకెళ్లాల్సింది దరఖాస్తుకు ముందు ఒక కాగితం.

ఆ కాగితం ఎట్లా ఉంటుందో మీ పదకొండు రోడ్లతోనే చూద్దాం. మీ లెక్క వేరుగా ఉండొచ్చు, నేను ఊహించి చెప్తున్నాను. ఐదు రోడ్లు కాంక్రీటు అయిపోయి ఫైనల్ కొలతలు మిగిలాయనుకుందాం. ఇవి మీ చేతిలో పనే. జనవరి నెలాఖరుకు కొలతలు ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కించి, డీఈఈ గారి చెక్ మెజర్‌మెంట్ కూడా చేయించేస్తే బిల్లు మీరు ఉన్నా లేకపోయినా నడుస్తుంది. నాలుగు రోడ్లు సగంలో ఉన్నాయి. వీటికి ఒక తేదీ గుర్తు పెట్టుకోండి, జనవరి 30. ఆలోపు కాంక్రీటు పడితే పద్నాలుగు రోజుల క్యూరింగ్ సరిగ్గా మీరు రిలీవ్ అయ్యే 13వ తేదీకి పూర్తవుతుంది. గట్లు కట్టి నీళ్లు నిలబెట్టారా లేదా అన్నది మీ కళ్లతో చూసే పోతారు. కానీ జనవరిలో సంక్రాంతి ఉంది. కూలీలు పండక్కి ఊళ్లకు పోతే పది రోజులకు గానీ తిరిగి రారు. అంటే నాలుగింటిలో రెండింటికైనా పండగ లోపే కాంక్రీటు పడాలి. కాంట్రాక్టరును డిసెంబర్‌లోనే కూర్చోబెట్టి, ఏ రోడ్డు ముందో ఏది వెనకో చెప్పండి.

ఇక మిగిలినవి ఇంకా మొదలుపెట్టని రెండు రోడ్లు. మీ లీవు మొత్తం నిజంగా ఆధారపడేది ఈ రెండింటి మీదే. "వచ్చాక చూసుకుంటాలే" అని వదిలేస్తే ఏమవుతుందో లెక్కేయండి. మార్చి 9న మొదలుపెడితే నేల చదును, గ్రావెల్, రోలింగ్ అయ్యేసరికి 14 దాటుతుంది. అప్పుడు కాంక్రీటు వేస్తే క్యూరింగ్ 28 దాకా. మధ్యలో 19న ఉగాది. చెక్ మెజర్‌మెంటూ బిల్లూ మిగిలిన రెండు మూడు రోజుల్లో, అందరి బిల్లులూ ఒక్కసారే వచ్చిపడే రోజుల్లో. ఇది జరగదు. జరుగుతుందని డీఈఈ గారికి చెబితే ఆయన నమ్మరు కూడా. కాబట్టి ఆ రెండు రోడ్లు మీరు లేనప్పుడే నడవాలి, వాటిని పక్క మండలం ఏఈ ఇన్‌చార్జిగా చూడాలి.

ఇన్‌చార్జి అంటే ఆయన రోజూ వచ్చి నిలబడాలని కాదు. సీసీ రోడ్డు పనిలో తప్పించుకోలేని ఘడియ ఒక్కటే ఉంటుంది. కింద వేసిన గ్రావెల్ మందం, వెడల్పు కాంక్రీటు పడకముందే కొలవాలి. పైన కాంక్రీటు పడ్డాక దాని మందం కోర్ తీసి చూసుకోవచ్చు, కింద ఏముందో మాత్రం పగలగొడితే తప్ప తెలియదు. ఆ కొలతల రోజు, కాంక్రీటు పోసే రోజు ఇన్‌చార్జి ఏఈ అక్కడ ఉండాలి. రెండు రోడ్లకు కలిపి నాలుగైదు రోజులు. పక్క మండలం ఆయనను అడిగేటప్పుడు కూడా "మూడు వారాలు నా మండలం చూసిపెట్టండి" అనకండి, ఎవరికైనా గుండె జారుతుంది. "నాలుగైదు రోజులు, ఈ రెండు ఊళ్లు" అనండి. ఆయన ఒప్పుకున్నాకే ఆ పేరు కాగితం మీద రాయండి. ఆయనతో మాట్లాడకుండా పేరు రాస్తే, డీఈఈ గారు అక్కడే ఫోన్ తీసి ఆయనకు కలిపితే, ఆయన "నాకు తెలీదు సార్" అంటే, ఇంక చెప్పేదేముంది. ఆయన రుణం ఎట్లా తీర్చుకుంటారో నేను చెప్పక్కర్లేదు. ఆయనింట్లోనూ ఎప్పుడో ఒక పెళ్లి వస్తుంది.

కాగితం ఇంతే. ఐదు, నాలుగు, రెండు అని మూడు గుంపులు, పక్కన తేదీలు, చివర ఇన్‌చార్జి పేరు. ఒక్క పేజీ దాటనివ్వకండి.

దాన్ని తీసుకుని ఎప్పుడు వెళ్లాలి? సోమవారం వద్దు, గ్రీవెన్స్ రోజు. కలెక్టరు గారి వీడియో కాన్ఫరెన్స్ ఉన్న రోజు అసలే వద్దు. వెళ్లినప్పుడు మాట ఇంచుమించు ఇట్లా నడుస్తుంది:

"సార్, ఫిబ్రవరి 16 నుంచి ఇరవై రోజులు ఈఎల్ అడుగుదామని వచ్చాను. నాయనకు గయలో పెట్టించాలి. పనుల కాగితం తెచ్చాను, ఒకసారి చూడండి."

"మార్చి దగ్గర పడతాంది, ఇప్పుడెట్లమ్మా? ఏప్రిల్లో పోరాదా?"

"ఏప్రిల్, మే అంటే ఆ ఎండలకు అమ్మ తట్టుకోలేదు సార్. పదకొండులో తొమ్మిది నేను పోయేలోపు అయిపోతాయి. ఈ రెండూ పక్క సారు చూస్తానన్నారు, మాట్లాడాను."

ఆ తర్వాత నోరు కట్టేసుకుని కూర్చోండి. ఆయనను ఆ కాగితం చదవనివ్వండి. ఆయన ఏ రోడ్డు గురించి అడిగితే దాని గురించి మాత్రం చెప్పండి. అమ్మ ఆరోగ్యం, తమ్ముడి సెలవులు, అత్తగారి మాటలు అన్నీ చెప్పుకుంటూ పోతే విషయం ఇంటి విషయమైపోతుంది. ఇంటి విషయానికి "అందరికీ ఇళ్లున్నాయమ్మా" అన్న జవాబు ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తొమ్మిది రోడ్లు జనవరిలోపు అవుతాయా అన్న అనుమానం ఆయనకు ఉంటే, "జనవరి 31న మళ్లీ కాగితం తెచ్చి చూపిస్తాను సార్" అనండి, తెచ్చి చూపించండి. నోటిమాటగా సరేనన్నాక ఆ వారంలోనే దరఖాస్తు పెట్టేయండి. ఇట్లా చిన్నగా ఉంటే చాలు:

"అయ్యా, మా తండ్రిగారి గయా శ్రాద్ధం నిమిత్తం కుటుంబంతో కాశీ యాత్రకు వెళ్లవలసి ఉన్నందున, 16 ఫిబ్రవరి నుండి 7 మార్చి వరకు 20 రోజులు ఆర్జిత సెలవు మంజూరు చేయగలరని, 14, 15 ఫిబ్రవరి, 8 మార్చి సెలవు దినాలను ముందు, వెనక వాడుకొనుటకు, హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లుటకు అనుమతించగలరని కోరుతున్నాను. నా సెలవు కాలంలో పనుల బాధ్యత గురించిన వివరం జతపరిచాను. ఫోన్‌లో అందుబాటులో ఉంటాను."

దీన్ని డీఈఈ గారి సిఫారసుతో డివిజన్‌కు పంపించాలి. మీ కేడరులో మంజూరు చేసే అధికారి ఎవరో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ఒకసారి కనుక్కోండి. డీఈఈ గారు నోటితో ఊ అన్నంత మాత్రాన మంజూరైనట్టు కాదు. ప్రొసీడింగ్స్ చేతికొచ్చాకే బండి ఎక్కండి. ఫైలు ఎక్కడుందో వారానికోసారి అడగడంలో నామోషీ ఏమీ లేదు. మా సెక్షన్లో అడిగినవాళ్ల ఫైలే ముందు కదిలేది, ఒప్పుకుంటున్నాను.

మెడికల్ గురించి. మీ తోటివాళ్లు చెప్పేది సుళువుగానే ఉంటుంది, ఖరీదు చెప్పరు. పూర్తి జీతంతో మెడికల్ లీవంటే అర్ధజీతపు సెలవును కమ్యూట్ చేసుకోవడం. 20 రోజులకు ఖాతాలోంచి 40 రోజుల అర్ధజీతపు సెలవు పోతుంది. అది ఏటా వచ్చేదే ఇరవై రోజులు, రేపు నిజంగా ఆపరేషనో ఇంకోటో వస్తే కావాల్సింది అదే. మళ్లీ చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలి. అన్నిటికీ మించి, లేని జబ్బుకు డాక్టరు కాగితం పెట్టిన వారం మీ మరదలు దశాశ్వమేధ ఘాట్ హారతి ముందు అందరితో దిగిన ఫోటో స్టేటస్‌లో పెడుతుంది. అనంతపురంలో ఆ ఫోటో చూడనివాళ్లు ఉండరు. నిజమైన కారణం, నిండుగా ఉన్న ఈఎల్ ఖాతా మీ దగ్గర పెట్టుకుని ఈ దొంగదారి దేనికి?

ఇంకో మాట, ఇది మీరు అడగలేదు. పోయే ముందు రోజు కాంట్రాక్టరు వచ్చి "మేడం, ఎట్లైనా మీరే కొలుస్తారు కదా, ఆ రెండు రోడ్లకు కూడా సంతకాలు పెట్టి పోండి, మేం నింపుకుంటాం" అంటాడు. తప్పక అంటాడు. ఒక ఆఫీసులో నేను ఫైలు చూసిన కేసు చెప్తాను. ఒక ఏఈ కూతురి పెళ్లికి ఈఎల్ మీద పోయి వచ్చాడు. ఆ మధ్యలో పడిన పనికి, కాంట్రాక్టరు బతిమాలితే, వచ్చాక తనే కొలతలు రాసి పని జరిగిన రోజు తేదీ వేశాడు. పని నిజంగానే జరిగింది, మందంలో తేడా కూడా లేదు. ఆడిట్ వాళ్లు ఎం-బుక్‌లో తేదీ చూశారు, లీవు ప్రొసీడింగ్స్‌లో తేదీలు చూశారు. లీవులో ఉన్న మనిషి ఆ రోజు అక్కడ ఎట్లా కొలిచాడు? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేక ఆయన కొన్నేళ్లు తిరిగాడు. ఇంక్రిమెంటు విషయమూ దానితోపాటే తిరిగింది. కాబట్టి ఎం-బుక్‌లు ఇన్‌చార్జికి అప్పగించేటప్పుడు ఒక్కోదాని నంబరు, మీరు రాసిన చివరి పేజీ నంబరు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఖాళీ పేజీ మీద మీ సంతకం ఒక్కటి కూడా ఉండకూడదు. మీరు లేని రోజుల కొలతలు ఎవరు తీస్తే వాళ్ల చేతిరాతలోనే, వాళ్ల తేదీతోనే ఉండాలి.

ఇంతా చేశాక కాదంటే? అనొచ్చు. కాదంటే కాగితం మీద కాదనమనండి, మర్యాదగానే. "సార్, దరఖాస్తు మీదే రాసివ్వండి" అంటే చాలు. అప్పుడు చాలామంది కాదని రాయరు, తేదీలు మార్చమంటారు. మార్చడానికి మీ దగ్గర ఏముందో ఇప్పుడే తేల్చుకోండి. శివరాత్రి, తొమ్మిది రాత్రులు, గయ కదలవు. రామేశ్వరం కదులుతుంది. గంగ చెంబు సీలు వేసి ఇంట్లో దేవుడి గూట్లో పెట్టుకుని, ఉగాది, బిల్లులు అయ్యాక ఏప్రిల్లో రెండు మూడు రోజులకు పోయి పోసి రావడం మా వైపు ఎంతోమంది చేసేదే. అప్పుడు ఫిబ్రవరి 28 శనివారం దాకా 13 రోజులతో సరిపోతుంది, మార్చి 1 ఆదివారం వెనక సెలవు, 2న డ్యూటీ. ఇరవై అడిగి పదమూడుకు దిగడం వేరు, మొదటే పదమూడు అడిగి ఏడుకు దిగాల్సి రావడం వేరు. అమ్మకు మాత్రం ఈ సంగతి ముందే చెవిన వేసి ఉంచండి.

మంజూరయ్యి పోయాక మధ్యలో వెనక్కి పిలిచే అవకాశం కూడా లేకపోలేదు. తప్పనిసరిగా రమ్మని రాతపూర్వకంగా పిలిస్తే, మీరు బయల్దేరిన రోజు నుంచి డ్యూటీలో ఉన్నట్టే, ప్రయాణభత్యం కూడా వస్తుంది. ఎవరో ఫోన్ చేసి "సార్ గరంగా ఉన్నారు, వచ్చేయండి" అన్నది పిలిచినట్టు కాదు. అట్లాంటి ఫోన్ వస్తే ముందు ఇన్‌చార్జి ఏఈకి చేసి కనుక్కోండి, సగంసార్లు ఏదో ఒక రిపోర్టు ఎక్కడుందో తెలియక జరిగే హడావుడి అయ్యుంటుంది.

తిరుగు ప్రయాణం మార్చి 6 రాత్రికల్లా అనంతపురం చేరేటట్టు పెట్టుకోండి. రైలు ఎనిమిది గంటలు లేటయినా ఇబ్బంది లేదు, ఇంట్లో గంగ సంతర్పణకూ ఒక పూట దొరుకుతుంది. 9వ తేదీ పొద్దున జాయినింగ్ రిపోర్టు ఇచ్చేసి, ఎం-బుక్‌లు వెనక్కి తీసుకునేటప్పుడు మళ్లీ పేజీ నంబర్లు చూసుకోండి. డీఈఈ గారికి కాశీ దారం, గంగ సీసా ఇవ్వడం మరిచిపోకండి. పక్క మండలం ఆయనకు రెండు.